క్రియకి కాలమే లేకపోతే నిన్న, రేపు ఎలా చెప్తారు?

కిటికీసీటు:
ఆఫీసులో షాంఘై టీంతో పని పడింది కాబట్టి రెండు నెలలుగా చైనీస్ నేర్చుకుంటున్నాను, మాండరిన్. మొదటి వారంలోనే మా టీచర్ ఒక మాట చెప్పింది, అప్పట్నించీ బుర్ర తిరుగుతోంది. ఆ భాషలో క్రియ మారదట. 'ఛ్యూ' అంటే వెళ్ళడం. వెళ్ళాను, వెళ్తున్నాను, వెళ్తాను, వెళ్ళింది, వెళ్ళారు, అన్నిటికీ అదే 'ఛ్యూ'. మనకి ఒక్క 'వెళ్ళు' పట్టుకుంటే ఎన్ని రూపాలు!
నా ప్రశ్న ఏంటంటే, మరి వాళ్ళకి ఒకడు వెళ్ళొచ్చాడో వెళ్ళబోతున్నాడో ఎలా తెలుస్తుంది? ప్రతిసారీ నిన్న, రేపు అని చెప్పుకుంటూ కూర్చుంటారా, లేక అంతా ఊహేనా? క్రియలో కాలం లేని భాష సమయాన్ని మనంత కచ్చితంగా చెప్పగలదా అసలు?

చాయ్‌బిస్కట్:
సింపుల్ బ్రో, దీనికి ఇంత టెన్షన్ ఎందుకు. క్రియ వెనకాల 'ల' అని తగిలిస్తే భూతకాలం. 'ఛి' అంటే తినడం, 'ఛి ల' అంటే తిన్నాను. 'ల' లేకపోతే వర్తమానమో భవిష్యత్తో, పక్కన రేపు అని ఉంటే భవిష్యత్తు. అంతే. కాలం లేదని టీచర్లు ఊరికే బిల్డప్ ఇస్తారు.

నైట్‌డ్యూటీ:
చాయ్‌బిస్కట్ అన్నా, నేనూ సరిగ్గా ఇలాగే అనుకుని వార్డులో అందరి ముందూ తిట్లు తిన్నాను. చైనాలోనే ఎంబీబీఎస్ చేశాను, ఇంటర్న్‌షిప్ కూడా అక్కడే. ఊరు, ఆస్పత్రి పేర్లు వద్దులెండి.
జ్వరం రావడాన్ని వాళ్ళు 'ఫాషావ్' అంటారు. 'ఫా' అంటే పుట్టడం, బయటికి రావడం లాంటిది, 'షావ్' అంటే మంట. మధ్యలో ముక్కలు ఇరికించాలంటే ఈ రెండూ విడిపోతాయి. ఒక పెద్దావిడ వచ్చి 'ఫా ల సాన్ థియెన్ షావ్ ల' అంది. సాన్ థియెన్ అంటే మూడు రోజులు. నేను 'ఫా ల' వినగానే, 'ల' ఉంది కదా, భూతకాలం, అయిపోయింది అనుకుని కేస్ షీట్‌లో 'మూడు రోజులు జ్వరం వచ్చింది, ప్రస్తుతం లేదు' అని రాశాను. సీనియర్ వచ్చి థర్మామీటర్ పెడితే 38.6. ఆవిడ చెప్పింది 'మూడు రోజుల నుంచి జ్వరం, ఇంకా ఉంది' అని. ఆ వాక్యంలో రెండు 'ల'లు ఉన్నాయి చూడండి. నేను మొదటిదాన్నే పట్టుకున్నాను, రెండోదాన్ని ఏదో ఊతపదం అనుకున్నాను.
ఆ చివరి 'ల' లేకుండా 'ఫా ల సాన్ థియెన్ షావ్' అని ఉంటే, 'మూడు రోజులు జ్వరం వచ్చింది' అని వినేవాళ్ళు అనుకుంటారు, అంటే తగ్గిందన్నమాట. మొత్తం తేడా ఆ చివరి చిన్న ముక్కలో ఉంది.

కిటికీసీటు:
అమ్మో. అయితే ఒకే 'ల' రెండు చోట్ల రెండు పనులు చేస్తోందా?

మాటలమూట:
అవును, రెండు పనులు. నైట్‌డ్యూటీ చెప్పిన పెద్దావిడ వాక్యం క్లాసులో చెప్పుకోడానికి చాలా బాగుంటుంది, కాస్త విడగొట్టి చూద్దాం.
క్రియని అంటుకుని వచ్చే 'ల' పనికి ఒక హద్దు గీస్తుంది. పని ఒక మూట కట్టినట్టు పూర్తయింది అంటుంది. ఆ మూట నిన్నటిదా రేపటిదా అన్నది దాని గొడవ కాదు. వాక్యం చివర వచ్చే 'ల' వేరు. అది 'ఇప్పుడు పరిస్థితి ఇదీ, ఇంతకుముందు ఇలా లేదు' అంటుంది. కాబట్టి ఆవిడ చెప్పింది ఏంటంటే, మూడు రోజుల జ్వరం ఒక మూట అయింది, ఇవాళ్టికి లెక్క అక్కడికి వచ్చింది. లెక్క ఇంకా నడుస్తోంది కాబట్టే జ్వరం ఉన్నట్టు.
'ల' భూతకాలం కాదనడానికి అన్నిటికన్నా తేలికైన రుజువు ఇది: 'మింగ్‌థియెన్ ఛి ల ఫాన్ జ్యో జౌ'. మింగ్‌థియెన్ అంటే రేపు, ఫాన్ అంటే అన్నం, జౌ అంటే బయల్దేరడం. రేపు అన్నం తిని బయల్దేరతాను. రేపటి తిండి మీద 'ల' కూర్చుంది! భూతకాలమైతే అక్కడ దానికేం పని?
ఇప్పుడు అదే వాక్యాన్ని తెలుగులో చూడండి. 'తిని' అన్నాం. 'తిని వెళ్తాను', 'తిని వెళ్ళాను', 'తిని వెళ్తున్నాను'. ఆ 'తిని'కి సొంత కాలం ఉందా? లేదు. తినడం ముందు, వెళ్ళడం తర్వాత అన్న వరస మాత్రమే అది చెప్తుంది. ఎప్పుడన్నది చివరి క్రియ చూసుకుంటుంది. మనం రోజుకి వందసార్లు కాలం లేని క్రియలతోనే కథలు చెప్తున్నాం. 'పొద్దున్నే లేచి, స్నానం చేసి, తాళం వేసి, బస్సెక్కి...' అని ఎవరైనా మొదలుపెట్టి ఆగిపోయారనుకోండి, అది నిన్న జరిగిందో రేపటి ప్లానో రోజూ చేసే పనో మీరు చెప్పలేరు. వరస మాత్రం పూర్తిగా తెలుసు. ఒక తేడా ఉంది, మనకి చివర్లోనైనా కాలం తగిలించక తప్పదు. చైనీస్‌లో చివర్లో కూడా తగిలించరు.

తెలుగుమాస్టారు:
ఏమిటీ చర్చ? తెలుగు క్రియకు కాలం లేదని ఎవరన్నారు? ముప్పై ఏళ్ళు పిల్లలకు వ్యాకరణం చెప్పి రిటైరయ్యాను. భూత, భవిష్యత్, వర్తమానాలు ఉన్నాయి, పైగా తద్ధర్మం కూడా ఉంది. క్త్వార్థకానికి కాలం లేదంటే అది అసమాపక క్రియ కనుక. అంతమాత్రాన భాషకే కాలం లేదంటే ఎలా?

మాటలమూట:
మాస్టారూ, నమస్కారం. తెలుగుకి కాలం లేదని ఎవరూ అనలేదండీ, మాట చైనీస్ గురించి. కానీ మీరు తద్ధర్మం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. 'సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు' తద్ధర్మం. 'రేపు ఆరింటికి ఉదయిస్తాడు' భవిష్యత్తు. నేటి వాడుకలో రూపం ఒక్కటే కదండీ? 'మా వాడు బడికెళ్తాడు' అంటే రోజూ వెళ్తాడనా, రేపు వెళ్తాడనా?

తెలుగుమాస్టారు:
సందర్భాన్ని బట్టి. గ్రాంథికంలో కొన్ని రూపాలు విడిగా ఉండేవి, వాడుకలో కలిసిపోయాయి. సరే, పొరపాటు చదివాను, కళ్ళజోడు మార్చాలి. అయితే మీ చీనా భాషలో వ్యతిరేకం ఎలా చేస్తారు? మనకు 'రాడు' వేరు, 'రాలేదు' వేరు.

నైట్‌డ్యూటీ:
మాస్టారూ, భలే ప్రశ్న అడిగారు. నాకు చైనీస్ వంటబట్టింది అక్కడే. వాళ్ళకి 'కాదు, లేదు' అనడానికి రెండు మాటలు, 'బు' ఒకటి, 'మెయ్' ఒకటి. 'బు ఛి' అంటే తినను. 'మెయ్ ఛి' అంటే తినలేదు. మన 'తినను' లాగే 'బు ఛి' కూడా ఎప్పుడూ తినననా, ఇప్పుడు వద్దనా అన్నది సందర్భమే చెప్పాలి. ఇంకా చిత్రం ఏంటంటే డబ్బులు లేవు అనడానికి కూడా వాళ్ళు ఆ 'మెయ్' నే వాడతారు, మనం 'తినలేదు'లోనూ 'డబ్బులు లేవు'లోనూ అదే 'లే' వాడినట్టు. మా బ్యాచ్‌లో తెలుగువాళ్ళం దీన్ని అరగంటలో పట్టేశాం, ఇంగ్లీషులోంచి అనువదించుకుంటూ నేర్చుకున్న వాళ్ళు నెలల తరబడి తడబడ్డారు.

చాయ్‌బిస్కట్:
చూశారా! మరి 'మెయ్' భూతకాలం, 'బు' మిగతా కాలాలు. చివరికి నేను చెప్పిందే అయింది కదా.

మాటలమూట:
సగమే అయింది. 'యీఛియెన్ బు ఛి రౌ' అంటే ఒకప్పుడు మాంసం తినేవాణ్ణి కాదు. గతం గురించిన మాట, కానీ వాడింది 'బు'. ఎందుకంటే అది జరగని సంఘటన కాదు, ఉన్న అలవాటు. నిన్న ఒంట్లో బాగాలేదు అనాలన్నా 'బు' నే వస్తుంది, అది సంఘటన కాదు, స్థితి కాబట్టి. నిన్న అన్న మాట పక్కనే ఉన్నా 'బు' కదలదు. కాబట్టి వాళ్ళ వ్యాకరణం చూసేది గతమా వర్తమానమా అని కాదు, జరిగిందా జరగలేదా అన్న సంఘటనా, లేక అలా ఉండటమా అని.
కిటికీసీటు గారి మొదటి ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. 'నిన్న, రేపు' ఏమీ చెప్పకపోతే వినేవాడు ఎలా తేల్చుకుంటాడు? కార్లొటా స్మిత్ అనే భాషావేత్త మేరీ ఎర్బావ్‌తో కలిసి 2005లో దీని మీదే ఒక వ్యాసం రాసింది. స్థూలంగా విషయం ఇది. హద్దు ఉన్న పని, అంటే 'పగలగొట్టడం', 'చేరుకోవడం' లాంటిది వింటే అది అయిపోయిందనే అనుకుంటాం. 'బిజీగా ఉండటం', 'బెయ్‌జింగ్‌లో నివాసం' లాంటి సాగే స్థితిని వింటే ఇప్పుడు ఉందనే అనుకుంటాం. వేరే ఏదైనా చెప్పాలనుకున్నప్పుడే అదనపు మాట కావాలి. కథలో అయితే మొదట్లో ఒకసారి 'పోయినేడు' అనేస్తే చాలు, ఇంకో కాలం మాట వచ్చేదాకా అదే నడుస్తుంది. ప్రతి వాక్యంలోనూ మళ్ళీ మళ్ళీ చెప్పక్కర్లేదు.

తెలుగుమాస్టారు:
దీనికి మన దగ్గర ఇంకా మంచి ఉదాహరణ ఉంది నాయనా. 'నిన్న సోమవారం, నేడు మంగళవారం, రేపు బుధవారం.' ఇందులో క్రియే లేదు! క్రియ లేనప్పుడు కాలమెక్కడిది? ఐనా చంటిపిల్లవాడికి కూడా తెలుస్తుంది. 'మా నాన్నగారు హెడ్మాస్టరు' అంటే ఇప్పుడు హెడ్మాస్టరనే అనుకుంటారు. రిటైరయ్యారంటే 'హెడ్మాస్టరుగా ఉండేవారు' అని మాట పెంచాలి.

మాటలమూట:
మాస్టారూ, దండం. స్మిత్ చెప్పిన సూత్రం రెండోదానికి ఇంతకన్నా చక్కటి తెలుగు ఉదాహరణ నాకు ఇంతవరకూ తట్టలేదు.

పేరాక్_అమ్మాయి:
నేను మలేషియా తెలుగు అమ్మాయిని, తాతల కాలంలో రబ్బరు తోటలకి వచ్చిన కుటుంబం. తెలుగులో రాయడం కొంచెం తప్పులుంటే క్షమించండి. మలయ్ భాషలో కూడా క్రియ మారదు. 'మాకాన్' అంటే తినడం, నిన్నయినా రేపైనా మాకాన్. మాకు ఎప్పుడూ కష్టం అనిపించలేదు. మేము అడిగేది 'ఎప్పుడు' అని కాదు, 'అయిందా' అని. 'దా మాకాన్?' అంటే తిన్నావా. దానికి జవాబు రెండు రకాలు, 'దా' అంటే అయింది, 'బెలుమ్' అంటే ఇంకా లేదు. ఈ బెలుమ్ చాలా ముఖ్యం. ఇక్కడ పెళ్ళిళ్ళకి వెళ్తే నన్ను అందరూ 'పెళ్ళయిందా' అని అడుగుతారు. ఉత్త 'లేదు' అనే మాట వాడితే ఎప్పటికీ చేసుకోనేమో అన్నట్టు వినిపిస్తుంది, అందుకే 'బెలుమ్' అనాలి. ఇంకా కాలేదు, అవుతుంది అని ఆశ పెట్టాలన్నమాట. నా వయసు 34, ఇంకా బెలుమ్ అంటూనే ఉన్నాను 😄
అసలు గందరగోళం క్రియ వల్ల రాదు, మాటల వల్ల వస్తుంది. 'సెమాలమ్' అంటే మాకు నిన్న, ఇండోనేషియా వాళ్ళకి నిన్న రాత్రి. ఆఫీసులో ఇండోనేషియా వాళ్ళతో దీని మీద రెండుసార్లు గొడవైంది.

చాయ్‌బిస్కట్:
మా హైదరాబాద్‌లో 'కల్' అంటే నిన్నా అదే, రేపూ అదే 😂 అక్కడ క్రియ చూసి తెలుసుకోవాలి. మీదానికి రివర్స్.
సరే కానీ అమెరికాలో ఒక తెగ ఉందట కదా, హోపీ. వాళ్ళ భాషలో కాలం లేదు కాబట్టి వాళ్ళకి కాలం అనే ఆలోచనే లేదని ఎక్కడో చదివాను. అంటే చైనా వాళ్ళూ మలయ్ వాళ్ళూ కూడా సమయాన్ని మనలా చూడరేమో?

మాటలమూట:
ఆ మాట బెంజమిన్ లీ వోర్ఫ్ నుంచి వచ్చింది, 1930ల్లో. తర్వాత ఎక్కెహార్ట్ మాలోట్కి హోపీల దగ్గరే ఏళ్ళ తరబడి పనిచేసి 1983లో ఆరువందల పేజీలు దాటిన పుస్తకం వేశాడు. దాని నిండా రోజులు, నెలలు, పండుగల లెక్కలు, ముందు-తర్వాత చెప్పే మాటలే. క్రియ మీద భవిష్యత్తుకి ఒక ప్రత్యయం కూడా ఉందని చూపించాడు. దాన్ని కాలం అనాలా, 'ఇంకా జరగనిది' అనే వేరే జాతి గుర్తు అనాలా అన్నది వేరే తగువు. సమయం గురించి ఆలోచన లేదన్న వాదన మాత్రం అక్కడితో ముగిసింది. పెళ్ళెప్పుడని 'పేరాక్' గారిని అడిగేవాళ్ళకి కాలం గురించి ఆలోచన లేదంటారా మీరు?

పేరాక్_అమ్మాయి:
అక్కా 😭

కిటికీసీటు:
భవిష్యత్తు గురించి ఎవరూ చెప్పలేదు. మా టీచర్ 'మింగ్‌థియెన్ ఛ్యూ బెయ్‌జింగ్' అంటే చాలు, రేపు బెయ్‌జింగ్ వెళ్తా అంది. నేను అదే పద్ధతిలో 'రేపు వర్షం' అని 'మింగ్‌థియెన్ శ్యా యూ' అంటే, అర్థమవుతుంది కానీ అలా అనరు, మధ్యలో 'హుయ్' పెట్టు అంది. ఎందుకని అడిగితే 'అలాగే అంటాం' అంది. మరి 'హుయ్' భవిష్యత్ కాలం కాదా?

మాటలమూట:
మీరే తెలుగులో చెప్పి చూడండి. 'రేపు హైదరాబాద్ వెళ్తున్నాను' అంటాం. 'రేపు వర్షం పడుతోంది' అంటామా?

కిటికీసీటు:
అనం. 'పడుతుంది' లేదా 'పడొచ్చు' అంటాం. అరె, నిజమే!

మాటలమూట:
మీ ప్రయాణం మీ చేతిలో ఉంది, టికెట్ కొన్నారు, ఇవాళ్టికే ఖాయమైన విషయం. వాన మీ చేతిలో లేదు, అది అంచనా. 'హుయ్' అంచనాకి పెట్టే గుర్తు. అందుకే ప్లాన్ చెప్పేటప్పుడు లేకపోయినా నడుస్తుంది, జోస్యం చెప్పేటప్పుడు కావాలి. అదే 'హుయ్' కి 'వచ్చు' అనే అర్థం కూడా ఉంది, ఈత వచ్చు, వంట వచ్చు అన్నప్పటి వచ్చు. మన 'పడొచ్చు'లో కూడా ఆ 'వచ్చు' ఉంది. ఇది మాత్రం కాకతాళీయమే, దాని మీద సిద్ధాంతాలు కట్టకండి.

నైట్‌డ్యూటీ:
నాకొక అనుమానం. ఉత్తి వాక్యం, ఏ గుర్తూ లేనిది, గతంగా అయినా వర్తమానంగా అయినా అర్థమవుతుంది కానీ భవిష్యత్తుగా దానంతటది అర్థం కాదు కదా. 'తా హెన్ మాంగ్', ఆయన బిజీ. కిందటి వారం గురించి మాట్లాడుతుంటే 'బిజీగా ఉన్నాడు అప్పుడు' అని తీసుకుంటాం. వచ్చే వారం గురించి అయితే 'హుయ్' ఏదో పెట్టాలనిపిస్తుంది. అంటే లోపల ఎక్కడో కనిపించని కాలం ఒకటి ఉన్నట్టే కదా?

మాటలమూట:
ఇది నిజంగా తేలని విషయం. రింట్ సైబెస్మా 2007లో దాదాపు ఇదే వాదించాడు, చైనీస్‌లో కాలం ఉంది, వినిపించదు అంతే అని. అటువైపు జో-వాంగ్ లిన్ 2006లో అక్కర్లేదన్నాడు, పనికి హద్దు ఉందా లేదా అన్నదీ, సందర్భమూ కలిస్తే చాలు, వినపడని ముక్కని తెచ్చి పెట్టడం ఎందుకు అని. నేను లిన్ వైపు. వినపడని దాన్ని ఒప్పుకోవడం మొదలుపెడితే ప్రతి భాషలోనూ ప్రతిదీ ఉందనొచ్చు, కాదని రుజువు చేయడం కుదరదు.

తెలుగుమాస్టారు:
అలా కొట్టిపారేయకమ్మా. 'రాముడు మంచివాడు' అన్నప్పుడు 'అగుచున్నాడు' అనే క్రియను అధ్యాహారంగా తెచ్చుకుని అన్వయం చెప్పేవాళ్ళం. వినపడనిది ఉండకూడదని ఏముంది?

మాటలమూట:
అన్వయం కోసం మనం తెచ్చుకోవడం వేరు, మాట్లాడేవాడి బుర్రలో అది ఉండటం వేరు కదండీ మాస్టారూ. 'రాముడు మంచివాడు' అనే పిల్లాడు 'అగుచున్నాడు' అని మనసులో అనుకుంటాడంటే నేను నమ్మలేను.

తెలుగుమాస్టారు:
నేను నమ్ముతాను. పోనీలే, భోజనం వేళయింది.

కిటికీసీటు:
ఇంతసేపూ మీరందరూ చెప్పింది ఇవాళ నిజంగానే పనికొచ్చేలా ఉంది. షాంఘై ఆవిణ్ణి రిపోర్ట్ ఎప్పుడు పంపుతారని అడిగితే 'ఫా ల' అని ఒక్క ముక్క రాసింది. నైట్‌డ్యూటీ గారి జ్వరంలో ఉన్న 'ఫా' నే, పంపడానికి కూడా అదే మాట అట. ఇప్పుడు ఇది 'పంపేశాను' అనా, 'పంపేస్తున్నా' అనా? ఎందుకంటే హోటల్లో సర్వర్‌ని పిలిస్తే 'లాయ్ ల' అంటాడని టీచర్ చెప్పింది, అంటే 'వచ్చా', కానీ మనిషి ఇంకా కౌంటర్ దగ్గరే ఉంటాడు.

నైట్‌డ్యూటీ:
'లాయ్ ల' అచ్చం మన 'ఇదిగో వచ్చేశా' నే. ఫోన్‌లో వచ్చేశా అంటాడు, ఉండేది ఇంకా ఇంట్లో 😂

మాటలమూట:
రావడం మొదలైతే చాలు, పరిస్థితి మారిపోయినట్టే, అందుకే అక్కడ చివరి 'ల' చెల్లుతుంది. మెయిల్ పంపడం అలా సాగే పని కాదు, బటన్ నొక్కారా లేదా అంతే. కాబట్టి 'ఫా ల' అంటే పంపేసినట్టే. పంపబోతుంటే 'మాషాంగ్ ఫా' అనేది, ఇప్పుడే పంపుతా అని.

కిటికీసీటు:
కానీ ఇన్‌బాక్స్‌లో రాలేదండీ. అరగంటైంది.

నైట్‌డ్యూటీ:
వ్యాకరణం మీద ఆధారపడి కేస్ షీట్ రాయొద్దు, నా మాట వినండి. థర్మామీటర్ పెట్టండి. స్పామ్ చూశారా?

కిటికీసీటు:
స్పామ్‌లో ఉంది. ఇరవై తొమ్మిది నిమిషాల క్రితం పంపింది.